పెసరపప్పు ఉడకని రోజు

ఆ వీధిలో ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తెలుసు గానీ వాళ్ళూ ఎప్పుడూ వాడిన పాపాన పోలేదు. బస్సులు ఆగే చోటికి పక్క సందులో, మేడమెట్ల కింద ఇరుకైన కొట్టు ఆయనది. నిటారుగా నిలబడితే తల మెట్లకి తగులుతుంది, అందుకని రోజంతా కూర్చునే ఉండేవాడు. తాళంచెవి పోయిందని ఎవరైనా లబోదిబోమంటూ వస్తే, గాట్లు లేని కొత్త చెవిని ఆ తాళంలో దూర్చి, తిప్పి, బయటికి తీసి, దాని మీద పడ్డ సన్నటి గీతల్ని వెలుతురులో చూసేవాడు. ఆ గీత దగ్గర ఆకురాయితో రెండు రాపిళ్ళు. మళ్ళీ దూర్చడం, మళ్ళీ చూడటం. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందనిపిస్తే ఆ చెవి పక్కన పారేసి మొదటినుంచీ మొదలుపెట్టేవాడు. తొందరపెట్టినవాళ్ళని వేరే కొట్టు చూసుకోమనేవాడు. అంత నిదానం మనిషి.

అంత పనిమంతుడూ ఇంట్లో ఒట్టి వెర్రిబాగులవాడు. మంచినీళ్ళు కాచమంటే గిన్నె ఏదని అడిగేవాడు, గిన్నె చూపిస్తే మూత ఏదని అడిగేవాడు. పెళ్ళయిన నాటినుంచీ వంటింటి గడప దాటి లోపలికి పోయింది ఎలకని తోలడానికే. భార్య దాన్ని తప్పుపట్టిందీ లేదు, మెచ్చుకుందీ లేదు. ఆవిడ రాజ్యం ఆవిడది, ఆయన రాజ్యం ఆయనది. అలా గడిచిపోతే ఈ కథ చెప్పాల్సిన అవసరమే లేకపోయేది.

ఆవిడకి జబ్బు చేసింది. మొదట నీరసమనుకున్నారు, తర్వాత కడుపులో ఏదో అన్నారు, తర్వాత ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆయన్ని పక్కకి పిలిచి, ఇక ఇంట్లోనే ఉంచి బాగా చూసుకోండి అన్నాడు. ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు. మంచం ముందు గదిలోకి మార్చారు, కిటికీ దగ్గరికి. వంటిల్లు ఆ గోడ అవతలే. మంచం మీంచి పొయ్యి కనపడదు గానీ ప్రతి చప్పుడూ వినపడుతుంది. కుక్కర్ మాత్రం అటకెక్కించారు, దాని విజిల్ వినపడితే చాలు ఆవిడ ఉలిక్కిపడేది, ఆ ఉలికిపాటుకి నొప్పి లేచేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. చిట్టి అని పిలిచేవారు. అయిదో తరగతి. నోరు పెద్దది, పొట్ట చిన్నది. పప్పు లేనిదే ముద్ద దిగదు.

ఆదివారం ఆదివారం ఆవిడ అక్క బస్సులో వచ్చేది, క్యారియరు నిండా వండుకుని. తాళాలాయనకి వదిన. వదిన చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే తలుపేసి పొమ్మనచ్చు. చెల్లెలి తల దువ్వి, గుడ్డలుతికి, ఇల్లంతా తుడిచి, పోయేముందు గుమ్మంలో నిలబడి ఆ మాటే అనేది.

"చూడవే, పిల్లని నాతో పంపించు. మా ఇంట్లో దానికి దేనికీ లోటుండదు. మరిదిగారు కొట్టు చూసుకుంటారా, పొయ్యి చూసుకుంటారా? ఇడిగో, ఇప్పుడైనా పొయ్యి మీద ఏముందో చూడు. పాలు పొంగి పాడైపోయాయి."

చిట్టి ఆ మాట విన్నప్పుడల్లా నాన్న పక్కకి జరిగి ఆయన చొక్కా అంచు పట్టుకునేది. అదంతా మంచం మీంచి ఆవిడ చూసేది.

ఒక ఆదివారం ఆవిడే తేల్చేసింది. "అక్కా, బడికి సెలవులిచ్చేదాకా ఆగు. ఈలోపు ఆయనకి వంట నేర్పుతాను. పిల్లకి ఇంత అన్నం, ఇంత పప్పు తిన్నగా వండిపెట్టగలిగితే అది వాళ్ళ నాన్న దగ్గరే ఉంటుంది. లేదంటే నువ్వే తీసుకెళ్ళు. నేను అడ్డు చెప్పను."

"నేర్పుతావా? ఈయనకా?" అని వదిన నోరు నొక్కుకుంది.

అన్నం ఇట్టే పట్టుబడింది. పప్పు దగ్గరే వచ్చింది తంటా అంతా.

మొదటిరోజు కందిపప్పు పెట్టమని మంచం మీంచి చెప్పింది. వంటింట్లో డబ్బాలన్నీ ఒకలాంటివే. పసుపుపచ్చగా ఉన్నదేదో తీశాడు, కడిగాడు, పెట్టాడు, గడియారం చూసి ముప్పావుగంటకి దించాడు. చిట్టి కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పటుక్కుమంది.

"నాన్నా, ఇది పప్పా, సైకిలు బేరింగు గుళ్ళా?"

ఆవిడ ఒక బద్ద చేతిలోకి తీసుకుని చూసి, ఎన్నాళ్ళకో నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది, నొప్పి వచ్చి ఆగిపోయింది. "ఖర్మ! శనగపప్పుకీ కందిపప్పుకీ తేడా తెలియదండీ మీకు? అదీ నానబెట్టకుండా!"

మర్నాడు నాలుగు డబ్బాలూ మంచం దగ్గరికి తెప్పించి, పళ్ళెంలో నాలుగు చోట్ల గుప్పెడేసి పోయించింది. ఆయన వేళ్ళు పట్టుకుని ఒక్కో పప్పు మీదా పెట్టింది.

"కళ్ళతో కాదు, చేత్తో చూడండి. మీకు అదే కదా వచ్చు. ఈ ఎర్రది మసూరుపప్పు. నానబెట్టక్కర్లేదు. కడిగి పడేస్తే పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఏమరుపాటుగా ఉన్నారో, కరిగిపోయి అడుగంటుతుంది. ఇది పెసరపప్పు. దీన్నీ నానబెట్టక్కర్లేదు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో మెత్తబడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇదే పెట్టండి. ఇది కందిపప్పు, బద్ద చిన్నది, నున్నగా ఉంటుంది. అరగంట నానబెడితే ముప్పావుగంటకి ఉడుకుతుంది. నానబెట్టకపోతే గంట అడుగుతుంది, పాత పప్పైతే ఇంకా సతాయిస్తుంది. ఇదిగో, నిన్న మా పళ్ళు రాలగొట్టబోయింది, శనగపప్పు. బద్ద పెద్దది, లావు. రెండు గంటలైనా నానాలి. నానాక కూడా ముప్పావుగంట, గంట పడుతుంది. నానకపోతే గంటన్నరైనా మీ మొహం చూడదు."

"ఉడికిందని ఎలా తెలుస్తుంది?"

"గడియారాన్ని నమ్మకండి. అది ఎప్పుడు చూడాలో చెబుతుంది, అంతే. గరిటెతో ఒక బద్ద తీసి వేళ్ళ మధ్య నలపండి. శనగపప్పు విడివిడిగానే కనపడుతుంది, ఉడకలేదనుకుంటారు, నలిపితే వెన్నలా అణగాలి. ఇంకోటి. టమాటా గానీ, చింతపండు గానీ, పులుపన్నది ఏదైనా సరే పప్పు ఉడికాకే వేయాలి. ముందే వేశారో, బిగుసుకుపోతుంది. ఇక మీరు తలకిందులుగా తపస్సు చేసినా మెత్తబడదు."

ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ వారంలోనే ఒకరోజు కందిపప్పు అరగంట నానబెట్టి, ముప్పావుగంట ఉడికించి, ఒక బద్ద గరిటెలో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. ఆవిడ వేళ్ళతో నలిపింది. మెత్తగా అణిగిపోయింది. ఆవిడ మొహం విప్పారింది.

"అమ్మయ్య. ఇక నాకు బెంగ లేదండీ," అంది. అని, అటు తిరిగి కళ్ళు మూసుకుంది.

అలా మూసుకున్న కళ్ళు మధ్యాహ్నమంతా తెరవలేదు. ఆయన పిలిచాడు, పలకలేదు. చెయ్యి పట్టి కదిపాడు, కదల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగులుతోందా లేదా అని తాను ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. సాయంత్రం చిట్టి బడినుంచి వచ్చి సంచీ విసిరేసిన చప్పుడుకి ఆవిడ కళ్ళు తెరిచి, "ఏమిటండీ, మొహం అలా పెట్టారు?" అంది. ఏమీ లేదన్నాడు.

ఏమీ లేకపోవడమేమిటి! ఆయనకి ప్రాణం అప్పటికే పోయి వచ్చింది. పని పూర్తయిన మనిషి చెప్పులేసుకుని బయల్దేరినట్టు, ఆవిడ ఈ ఒక్క పని కోసమే ఆగి ఉందని ఆయనకి తోచింది. తోచాక ఇక ఆ ఆలోచన వదల్లేదు. నేర్చుకుంటే వెళ్ళిపోతుంది. నేర్చుకోకపోతే? నేర్పడానికి ఉండాలి కదా.

మీరూ నేనూ అయితే ఇదేం పిచ్చి అంటాం. ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చున్నవాడికి అది పిచ్చిలా కనపడలేదు.

ఆ మర్నాటినుంచీ ఆ ఇంట్లో పప్పు ఉడికితే ఒట్టు. శనగపప్పు నానబెట్టడం మర్చిపోయానన్నాడు. కందిపప్పుని మసూరుపప్పు లెక్కన పావుగంటకే దించేశాడు. మసూరుపప్పుని పొయ్యి మీద వదిలేసి అవతలికి పోయి, అడుగంటిపోయి ఇల్లంతా వాసన కొట్టాక పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ తిట్టింది. దిండుకి ఆనుకుని లేచి కూర్చుని మరీ తిట్టింది. "బుర్ర ఉందా, కొట్లో మర్చిపోయి వచ్చారా?" అంది. తిట్టిన రోజు ఆవిడ కళ్ళలో వెలుగుండేది, బుగ్గల్లో రక్తం కనపడేది. అది చూసి ఆయన తన లెక్క సరైనదే అనుకున్నాడు. తల వంచుకుని తిట్లన్నీ తినేవాడు, అవే ఆయనకి విందు.

పిల్ల సంగతి ఆయన ఆలోచించలేదా? ఆలోచించాడు. సెలవులు ఇంకా దూరమనుకున్నాడు. దూరంగా ఉన్నది దగ్గరికి రాకుండా ఉంటుందా!

సెలవుల ముందు శుక్రవారం, కందిపప్పు మళ్ళీ పలుకుగా ఉన్నరోజు, చిట్టి మాట్లాడకుండా కంచం ఖాళీ చేసింది. బద్దల్ని నమలడం మానేసి నీళ్ళతో మింగేసింది. ముందు గదిలోంచి వాళ్ళమ్మ, "ఎలా ఉందే ఇవాళ?" అని అడిగితే, "మెత్తగా ఉందమ్మా! ఎంత మెత్తగా ఉందో!" అని గట్టిగా కేకేసింది. తర్వాత ఆయన చెవి దగ్గరికి వచ్చి, "నాన్నా, గట్టిగా ఉన్నా నేను తింటాను. అమ్మకి చెప్పకు. పెద్దమ్మకి అసలు చెప్పకు. నేను వెళ్ళను," అంది.

ఆ రాత్రి పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఆయన వాము నమిలించి, కడుపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఒక పక్క మంచం మీద ఆవిడ, ఇంకో పక్క చాప మీద ఈ పిల్ల. ఎటు చూసినా తానే దోషి. రేపటినుంచి సరిగ్గా వండాలనుకున్నాడు. తెల్లవారేసరికి ఆవిడ ఊపిరి బరువుగా వినపడింది. అనుకున్నది కాస్తా జారిపోయింది.

శనివారం ఆవిడే చెప్పింది. "పిల్లకి కడుపు బాగోలేదు కదా. పెసరపప్పు పెట్టండి, పల్చగా." చిట్టి నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంది, మొహం పీక్కుపోయి. ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. పప్పు కడిగిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు, పొయ్యి వెలిగిన చప్పుడు. ఆ తర్వాత కత్తిపీట లాగిన చప్పుడు.

అరగంట దాటాక గరిటెలో కొంచెం పప్పు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు, రోజూలాగే. ఆవిడ ఒక బద్ద తీసి నలిపింది. నలగలేదు. వేళ్ళ మధ్యనుంచి జారి దుప్పటి మీద పడింది.

ఆవిడ ఇంకో బద్ద తీసింది. అదీ అంతే. వేళ్ళు వాసన చూసుకుంది.

తిట్లు మొదలవుతాయని ఆయన తల వంచాడు. మొదలవలేదు.

"చిట్టీ, కాసేపు పక్కింటికి వెళ్ళి ఆడుకో," అంది ఆవిడ. పిల్ల ఇద్దరి మొహాలూ చూసి వెళ్ళిపోయింది. "ఎంతసేపు ఉడికించారు?"

"అరగంట పైనే."

"పెసరపప్పు," అంది ఆవిడ నెమ్మదిగా. "శనగపప్పు ఉడకలేదంటే నానలేదనుకుంటాను. కందిపప్పు ఉడకలేదంటే పాతదనుకుంటాను. పెసరపప్పు ఉడకదటండీ? నీళ్ళు పోసి మంట మీద పెట్టి మర్చిపోయినా దానంతట అదే ఉడుకుతుంది. పెసరపప్పుని ఉడక్కుండా చేయాలంటే మనిషి కూర్చుని కష్టపడాలి. టమాటా ముందే వేశారు కదూ?"

"మర్చిపోయాను."

"ఎవరు, మీరు? తాళంచెవి వెంట్రుకవాసి తేడా వస్తే పారేసి మళ్ళీ మొదలుపెట్టే మనిషి, నేను చెప్పినదాన్ని మర్చిపోయారా? ఇన్నాళ్ళూ నేనే మొద్దుని. నా మొహం చూసి చెప్పండి. కావాలనే చేస్తున్నారా?"

ఆయన గరిటె కింద పెట్టాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు వంట వచ్చేస్తే నువ్వు వెళ్ళిపోతావు," అన్నాడు. "ఆరోజు బెంగ లేదని పడుకున్నావు. లేవలేదు. ఎన్నిసార్లు పిలిచానో తెలుసా? నాకేమీ రాకపోతే... నన్నిలా వదిలేసి ఎలా వెళతావు? వెళ్ళలేవు కదా?"

అంతటి మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆవిడకి జాలి రాలేదని కాదు. కానీ ముందొచ్చింది కోపం. "నన్ను పట్టుకోవడానికి నా బిడ్డ కడుపు మాడుస్తారా? నిన్న రాత్రి అది నొప్పితో ముడుచుకుపోతే, మందు లేని నా నొప్పి కంటే అదే నాకు ఎక్కువ బాధ. ఉడకని పప్పు తిని మెత్తగా ఉందమ్మా అని నాకు అబద్ధం చెబుతోంది. ఆ గొంతు నాకు తెలియదనుకున్నారా? రేపు మా అక్క వస్తుంది. వచ్చి దాన్ని తీసుకుపోతుంది. అప్పుడు నేనూ ఉండను, అదీ ఉండదు. ఈ నాలుగు గోడల మధ్య మీరొక్కరూ ఏం చేస్తారండీ? తాళం వేసుకుని కూర్చుంటారా?"

ఆవిడ ఆయాసంతో ఆగింది. ఆగాక ఆవిడకీ ఏడుపొచ్చింది. చాలాసేపు ఇద్దరూ ఒకరికొకరు అడ్డు చెప్పకుండా ఏడ్చుకున్నారు.

చివరికి ఆవిడే కళ్ళు తుడుచుకుంది. "రేపు నాలుగు పప్పులూ ఒకే గిన్నెలో వండండి. ఏది ముందో ఏది వెనకో నేను చెప్పను. మీకు తెలుసు. నాలుగూ ఒక్కసారే మెత్తబడి దిగాలి. మా అక్క ముందే తింటాను."

ఆదివారం వదిన వచ్చేసరికి శనగపప్పు నానుతోంది. పక్కన ఇంకో చిన్నగిన్నెలో కందిపప్పు అప్పుడే నీళ్ళలో పడింది. వదిన ఖాళీ సంచీ తెచ్చింది. చిట్టి గుడ్డలు అలమరలోంచి తీసి ఒక్కొక్కటే మడిచి సంచీలో పెట్టడం మొదలుపెట్టింది. చిట్టి మాత్రం తలుపు వెనక నిలబడింది.

"ఎందుకండీ మరిదిగారూ ఇవాళ ఈ హైరానా? నేను తెచ్చానుగా క్యారియరు," అంది వదిన.

"ఉంచండి వదినా. ఇవాళ నా వంట తిందురుగాని."

"తప్పదా?" అంది వదిన. నవ్వుదామనే అంది గానీ ఎవరూ నవ్వలేదు.

నానిన శనగపప్పు ముందు పొయ్యెక్కింది. పైకి వచ్చిన నురగ తీసేసి మంట తగ్గించాడు. పావుగంట పోయాక నానిన కందిపప్పు దాంట్లో కలిపాడు. ఇక పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. ఇంకో ఇరవై నిమిషాలకి పెసరపప్పు, అది ఒక పొంగు వచ్చాక చివర్న మసూరుపప్పు. మధ్యమధ్య వేన్నీళ్ళు పోశాడు, అడుగునుంచి గరిటె తిప్పాడు. శనగబద్ద తీసి నలిపాడు. లోపల చిన్న పలుకు. ఆగాడు. మళ్ళీ నలిపాడు. కొట్లో చెవిని వెలుతురుకి పట్టి చూసే మొహంతోనే ప్రతి బద్దనీ చూశాడు. మసూరు కరిగిపోయి గుజ్జయింది, పెసర దాంట్లో కలిసిపోయింది, కంది మెత్తబడింది. అప్పుడు శనగబద్ద వెన్నలా అణిగింది. అణిగాక, అప్పుడు వేశాడు ఉప్పూ టమాటా.

వదిన గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

చిట్టికి పెట్టాడు. పిల్ల భయపడుతూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నాన్న వైపు చూసింది. తర్వాత ఎవరివైపూ చూడలేదు, తల కంచంలోంచి ఎత్తలేదు. "ఇంకా," అంది. మళ్ళీ పెడితే, మళ్ళీ "ఇంకా," అంది. ఆ పిల్ల అన్ని రోజులుగా ఎంత ఆకలితో ఉందో ఆయనకి అప్పుడు తెలిసింది.

చిన్నగిన్నెలో కొంచెం తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ నలిపి చూడలేదు. నోరు తెరిచింది. చెంచాతో పెట్టాడు. నాలుకతో అంగిట్లో అదిమి, నిదానంగా మింగింది.

"ఉడికిందండీ," అంది.

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. "ఇక వెళ్ళిపోతావు."

"పిచ్చిమనిషీ, పప్పు ఉడకడానికీ నేను పోవడానికీ ఏమిటండీ సంబంధం? నేను ఎలాగూ పోతాను. ఉడికినా పోతాను, ఉడక్కపోయినా పోతాను. ఉడక్కపోతే ఏడుస్తూ పోతాను. అంతే తేడా." అని, ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఏమిటలా చూస్తారు? ఇంకొంచెం పెట్టండి. ఆకలిగా ఉంది," అంది.

ఆవిడ ఆ తర్వాత ఎక్కువకాలం లేదు. సెలవులు పూర్తికాకముందే పోయింది. ఉన్నన్నాళ్ళూ రోజూ ఆయన చేతి పప్పే తిన్నది. చివరి రోజుల్లో పెసరపప్పు మీది తేట మాత్రమే దిగేది, అదే పట్టించాడు. ఉడకలేదని మళ్ళీ ఎప్పుడూ అనలేదు, అనే పని ఆయన ఆవిడకి కల్పించలేదు.

కానీ ఆ ఆదివారం సాయంత్రం సంగతి చెప్పాలి. చెల్లెలి దగ్గర కూర్చుని తానూ ఆ పప్పన్నం తిన్నాక, వదిన లేచి చెయ్యి కడుక్కుంది. సంచీ దగ్గరికి వెళ్ళి చిట్టి గుడ్డలు మడత నలక్కుండా ఒక్కొక్కటే బయటికి తీసి, అలమరలో ఎక్కడివి అక్కడ పెట్టేసింది. ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుంది. తాళాలాయన బస్సుదాకా వస్తానంటే వద్దంది, పొయ్యి మీద పాలున్నాయి చూసుకోండి అంది. చిట్టి సందు చివరిదాకా పరిగెత్తుకుంటూ వెళ్ళి చెయ్యి ఊపింది. వదిన ఒక్కతే బస్సెక్కింది.